ఎంసెట్ ఫార్ములా షీటు: చదువుతున్నన్నాళ్లూ రాసుకుంటూ, చివరికి కుదించుకుంటూ

పరీక్షకి నాలుగు రోజులుందనగా ఒక అమ్మాయి తన ఫార్ములా ఫైలు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఫైలు చూస్తే ముచ్చటేసింది. మూడు రంగుల పెన్నులు, స్కేలు పెట్టి గీసిన గళ్లు, ముత్యాల్లాంటి రాత. కెపాసిటర్ల చాప్టర్‌కే రెండు వైపులా నిండిన కాగితం. "బ్యాటరీ తీసేశాక డైఎలక్ట్రిక్ పెడితే శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "పెరుగుతుంది సార్" అంది. తగ్గుతుందని చెప్పేసరికి ముఖం వాడిపోయింది. "అన్నీ రాసుకున్నాను కదా సార్, మరెందుకు తట్టలేదు?"

ఆమె కాగితం మీద U = ½CV² ఉంది, U = Q²/2C కూడా ఉంది. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం ఎక్కడా లేదు. పైగా ఆ షీటు మొత్తం వారం రోజుల్లో, పుస్తకం పక్కన పెట్టుకుని, చూసి రాసినది. చూసి రాసింది చేతికి అలవాటవుతుంది గానీ తలలోకి ఎక్కదు.

ఈఏపీసెట్ అని పేరు మారినా మన ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం. ఇంజినీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పుకి మార్కులు కోయరు, కాలిక్యులేటర్ ఉండదు. ఒక్కో ప్రశ్నకి నిమిషం మీద కొన్ని సెకన్లే దొరుకుతాయి కాబట్టి ఫార్ములాని అక్కడ కూర్చుని రాబట్టుకునే తీరిక ఉండదు. అది ఏ సందర్భంలో పనిచేస్తుందో కూడా దాంతోపాటే గుర్తుకు రావాలి. అలా గుర్తుకు రావాలంటే షీటు చివర్లో ఒకేసారి రాసేది కాకూడదు. చదువు మొదలైన రోజు నుంచి దానితోపాటు నడవాలి. ఎలాగో చెబుతాను.

కాగితాలు, మడత

నోట్‌బుక్ వద్దు. విడి ఏ4 తెల్ల కాగితాలు తీసుకుని, పంచ్ చేసి, ట్యాగ్‌తో ఫైల్లో కట్టుకోండి. ఈ షీట్లని మీరు మళ్లీ మళ్లీ తిరగరాస్తారు, కొన్నింటిని తీసి పారేస్తారు. బైండు పుస్తకంలో ఆ వీలు ఉండదు, పేజీ చింపడానికి మనసూ రాదు.

చాప్టర్‌కి ఒక కాగితం, అదీ ఒక వైపే. వెనక వైపు ఖాళీగా వదిలేయండి, దాని పని తర్వాత వస్తుంది. ఫిజిక్స్‌లో రెండేళ్లవీ కలిపితే 30కి అటూ ఇటూ చాప్టర్లు ఉంటాయి కాబట్టి ఆ సబ్జెక్టుకి 30 కాగితాలు చాలు. ఒక వైపు పట్టలేదంటే కాగితం చిన్నదని కాదు, ఏరుకోవాల్సినంత ఏరుకోలేదని.

కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేయండి. ఎడమ భాగంలో సందర్భం రాస్తారు, అంటే లెక్కలో ఏం కనిపిస్తే ఈ ఫార్ములా కావాలో అది. మధ్య భాగంలో ఫార్ములా. కుడి భాగంలో మీరు జారిపడిన చోటు. ఎడమ గీత దగ్గర కాగితాన్ని వెనక్కి మడిస్తే సందర్భాలు మాత్రమే కనబడాలి. ఆ మడతే ఈ షీటుకి ప్రాణం. దాని సాయంతోనే ప్రతి వారం మిమ్మల్ని మీరు పరీక్షించుకుంటారు.

అందుకే ఎడమ వైపు "కెపాసిటర్ శక్తి" అని పేరు రాస్తే పనికిరాదు. పేపర్‌లో ప్రశ్న పేరుతో రాదు, సందర్భంతో వస్తుంది. "ఛార్జ్ చేసి, బ్యాటరీ తీసేసి, డైఎలక్ట్రిక్ పెట్టాం" అని రాయండి.

పుస్తకం మూశాకే పెన్ను తీయాలి

చాప్టర్ చదువుతున్నప్పుడు షీటు ముట్టుకోకండి. చదవడం, లెక్కలు చేయడం అయ్యాక పుస్తకం, మెటీరియల్ అన్నీ మూసేసి, ఒక రఫ్ కాగితం మీద పది నిమిషాల్లో గుర్తున్నవన్నీ రాయండి. గుర్తుకు రాకపోతే ఖాళీ వదలండి గానీ పుస్తకం తెరవకండి. ఆ పది నిమిషాలు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ మీకు ఏం వచ్చో, ఏం రాదో తేలేది ఆ ఇబ్బందిలోనే.

ఇప్పుడు పుస్తకం తెరిచి పోల్చుకోండి. మీరు రాసినవి మూడు రకాలుగా కనిపిస్తాయి. కొన్ని తడుముకోకుండా సరిగ్గా వచ్చాయి. కొన్ని వచ్చాయి గానీ ఎక్కడో తడబడ్డారు, గుర్తు తప్పింది, వర్గం మరిచారు, సందర్భం కలగాపులగం అయింది. కొన్ని అసలు రాలేదు. మొదటి రకాన్ని షీటు మీదకి ఎక్కించకండి. C = Q/V మీకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది, దానికి చోటు ఎందుకు? రెండో రకం, మూడో రకం మాత్రమే షీటు మీదకి రావాలి. ఇద్దరు స్నేహితుల షీట్లు ఒకేలా ఉన్నాయంటే ఇద్దరిలో ఒకరు రెండోవారిది చూసి రాశారన్నమాట. కోచింగ్‌లో ఇచ్చే అచ్చు షీట్లని సరిపోల్చుకోవడానికి దగ్గర పెట్టుకోండి, మీ షీటుకి బదులుగా మాత్రం కాదు. మీరు ఎక్కడ జారతారో వాటికి తెలియదు.

షీటు మీద మొదటిసారి పెన్సిల్‌తో రాయండి. ఎందుకంటే ఇంకో పని మిగిలే ఉంది.

ఒకే వరసలోకి తేవడం

కెపాసిటర్ల చాప్టర్‌నే తీసుకుందాం. ఆ అమ్మాయితో కూర్చుని షీటు మళ్లీ రాయించినప్పుడు జరిగింది ఇదే. సమాంతర పలకల కెపాసిటర్‌కి ఆమె నాలుగు ఫార్ములాలు విడివిడిగా రాసుకుంది. మధ్యలో గాలి ఉంటే ఒకటి, డైఎలక్ట్రిక్ నిండా ఉంటే ఒకటి, t మందం ఉన్న డైఎలక్ట్రిక్ పలక ఉంటే ఒకటి, అదే మందం లోహపు రేకు ఉంటే ఇంకొకటి. ఈ నాలుగూ నిజానికి ఒక్కటే:

C = ε₀A / (d − t + t/K)

ఇందులో t = 0 పెట్టండి, గాలి కెపాసిటర్ ε₀A/d వస్తుంది. t = d పెట్టండి, నిండా డైఎలక్ట్రిక్ ఉన్న Kε₀A/d వస్తుంది. లోహానికి K అనంతం అనుకుంటే t/K సున్నా అయిపోయి ε₀A/(d − t) మిగులుతుంది. షీటు మీద ఒక్క వరస ఉంటే చాలు, మిగతా మూడూ పది సెకన్లలో పుట్టుకొస్తాయి. నాలుగు విడి ఫార్ములాలు బట్టీపట్టినవాళ్లు పరీక్షలో d − t దగ్గర t/K కలపాలా వద్దా అని తికమకపడతారు. ఒకటే తల్లి ఫార్ములా తెలిసినవాళ్లకి ఆ బెడద లేదు.

మ్యాథ్స్‌లో ఈ పద్ధతి ఇంకా ఎక్కువ చోటు మిగులుస్తుంది. y = mx + c అనే రేఖ స్పర్శరేఖ కావడానికి నియమాలు చూడండి. దీర్ఘవృత్తానికి c² = a²m² + b². ఇందులో b² బదులు −b² వేస్తే అతిపరావలయం. b = a చేస్తే c² = a²(1 + m²), అంటే వృత్తం. మూడు చాప్టర్లలో మూడు చోట్ల రాసుకునే బదులు ఒక వరస రాసి, పక్కన రెండు చిన్న బాణాలు గీస్తే సరిపోతుంది. పరావలయం y² = 4axకి మాత్రం c = a/m, ఇది ఈ కుటుంబంలో చేరదు కాబట్టి విడిగా రాసుకోవాలి. ఏది కలుస్తుందో, ఏది కలవదో తేల్చుకునే ఆ ఐదు నిమిషాల్లోనే సగం రివిజన్ అయిపోతుంది.

కలపడం కుదరని చోట పక్కపక్కన పెట్టండి. బ్యాటరీ ఉన్నప్పుడు, తీసేసినప్పుడు అనేది అలాంటి చోటే. ఆమె షీటులో చివరికి ఆ వరసలు ఇలా తయారయ్యాయి:

బ్యాటరీ ఉంచి K పెట్టాం: V మారదు, E మారదు. C, Q, U మూడూ K రెట్లు.

బ్యాటరీ తీసేసి K పెట్టాం: Q మారదు. C మాత్రం K రెట్లు. V, E, U మూడూ K వంతు.

కుడి గడిలో ఆమె ఎర్ర పెన్నుతో రాసుకున్న మాట ఒక్కటే: "ముందు ఏది మారదో చూడు." V మారకపోతే ½CV², Q మారకపోతే Q²/2C. రెండు ఫార్ములాల్లో ఏది పట్టుకోవాలో ఆ మాటే చెబుతుంది.

దీన్ని ఒక లెక్కలో పెట్టి చూడండి. 10 μF కెపాసిటర్‌ని 100 V దాకా ఛార్జ్ చేశారు, బ్యాటరీ తీసేశారు, K = 5 ఉన్న పదార్థం నింపారు. మొదట శక్తి ½ × 10 × 10⁻⁶ × 100² = 0.05 J. ఛార్జ్ మారదు కాబట్టి శక్తి ఐదో వంతుకి పడి 0.01 J అవుతుంది. V ఇంకా 100 వోల్టులే అనుకుని ½CV²లో కొత్త C వేసినవాళ్లకి 0.25 J వస్తుంది. ఇలాంటి ప్రశ్నకి ఇచ్చే నాలుగు ఆప్షన్లలో ఆ 0.25 కూడా కూర్చుని ఉంటుంది. తప్పుదారి పట్టినవాళ్లకి కూడా వాళ్ల జవాబు కనపడేలా ఆప్షన్లు తయారుచేస్తారు, అందుకే "జవాబు ఆప్షన్లలో ఉంది కదా" అనే ధైర్యం పనికిరాదు.

రాసినది సరైనదేనా

షీటు మీద ఒక తప్పు ఎక్కిందంటే మీరు దాన్ని వారం వారం చదివి మరీ గట్టిపరుచుకుంటారు. ఒక కుర్రాడు బోలు గోళానికి, ఘన గోళానికి జడత్వ భ్రామకాలు తారుమారుగా రాసుకుని రెండు నెలలు అలాగే చదివాడు. మాక్ టెస్టులో రెండుసార్లు తప్పు పోయినా షీటు మీద ఉన్నదాన్ని అనుమానించలేదు, తన లెక్కనే అనుమానించాడు.

పెన్సిల్ రాత మీద పెన్ను పెట్టే ముందు ప్రతి వరసనీ ఒకసారి పరీక్షించండి. పుస్తకంతో పోల్చడం ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు మీ బుర్రతోనూ ఒక పరీక్ష పెట్టాలి. గోళాల సంగతే చూడండి. బోలు గోళంలో ద్రవ్యరాశి అంతా అంచున ఉంటుంది, కాబట్టి దాని జడత్వ భ్రామకమే ఎక్కువ ఉండాలి. ⅔MR² బోలుది, ⅖MR² ఘనానిది. కడ్డీకి మధ్యలో ML²/12 అనీ చివర ML²/3 అనీ రాసుకుంటారు. సమాంతర అక్షాల సిద్ధాంతం ప్రకారం మధ్య నుంచి చివరికి L/2 దూరం, అంటే ML²/12 + ML²/4, కలిపితే ML²/3. సరిపోయింది, ఇక పెన్నుతో రాయవచ్చు. n చిన్న చుక్కలు కలిసి ఒక పెద్ద చుక్క అయితే పొటెన్షియల్ n^(2/3) రెట్లు అవుతుందని రాసుకుంటే, n = 8 వేసి చూడండి. ఛార్జ్ 8 రెట్లు, వ్యాసార్ధం 2 రెట్లు, పొటెన్షియల్ 4 రెట్లు. 8^(2/3) కూడా 4.

ఈ పరీక్షని కుడి గడిలో రెండు మాటల్లో రాసి ఉంచండి. పరీక్ష హాల్లో ఫార్ములా మీద అనుమానం వస్తే ఇదే ఆదుకుంటుంది.

హద్దులు కూడా ఆ గడిలోనే రాయాలి. R = u² sin2θ/g అని అందరూ రాస్తారు. విసిరిన ఎత్తులోనే మళ్లీ నేలకి తగిలితేనే అది చెల్లుతుందని రాసేవాళ్లు తక్కువ. మేడ మీద నుంచి 45 డిగ్రీల కోణంలో బంతి విసిరారని లెక్క ఇస్తే ఆ ఫార్ములా మీకు పనికిరాదు. v = u + at త్వరణం స్థిరంగా ఉంటేనే. లోలకానికి T = 2π√(l/g) చిన్న కోణాలకే. హద్దు రాయని ఫార్ములా కన్నా అసలు రాయని ఫార్ములా నయం. రాయనిదైతే ఏదో ఒకలా ఆలోచిస్తారు. హద్దు లేకుండా రాసుకున్నదైతే ఆలోచించకుండా వాడేస్తారు.

ఆదివారం మడత పరీక్ష

వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున అనుకుందాం, 40 నిమిషాలు కేటాయించండి. ఆ వారం రాసిన షీట్లు, అంతకుముందువాటిలో కొన్ని తీసి ఎడమ గీత దగ్గర మడవండి. సందర్భం చూసి ఫార్ములాని రఫ్ కాగితం మీద రాయండి. మనసులో అనుకుని "ఆ, ఇది వచ్చులే" అని దాటేయకండి. మనసులో అనుకున్నప్పుడు గుర్తు ప్లస్సో మైనస్సో తేల్చుకోకుండానే వచ్చేసినట్టు అనిపిస్తుంది, చేత్తో రాసినప్పుడే బయటపడుతుంది.

రాయలేకపోతే, లేదా తప్పు రాస్తే, ఆ వరస పక్కన ఒక ఎర్ర చుక్క పెట్టండి. వరసగా మూడు ఆదివారాలు సరిగ్గా రాశారంటే దాని మీద పెన్సిల్‌తో సన్నగా ఒక గీత కొట్టండి. ఇక దాన్ని వారం వారం చూడక్కర్లేదు, నెలకోసారి చూస్తే చాలు. నెల చివర అడిగినప్పుడు తడబడితే గీత చెరిపేయండి. పెన్సిల్‌తో కొట్టమన్నది అందుకే.

మూడు నాలుగు వారాలకి షీట్ల మీద చుక్కలు ఎక్కడ గుమిగూడాయో కనిపిస్తుంది. మీరు ఊహించిన చోట ఉండవు అవి. కష్టమని భయపడిన చాప్టర్‌లో గీతలు పడుతుంటాయి, సులువని వదిలేసిన దానిలో చుక్కలు పడుతుంటాయి. చుక్కలు పడిన చోట మళ్లీ మళ్లీ చదవడం కన్నా, ఆ ఫార్ములా వాడే లెక్కలు రెండు మూడు చేయండి. అయినా నిలవకపోతే దాన్ని ఎలా రాబట్టారో ఒకసారి చూడండి. పలకల మధ్య బలం F = Q²/2ε₀A అని ఎన్నిసార్లు రాసినా కింద ఆ 2 జారిపోతూ ఉంటే, ఒక పలక తన క్షేత్రంలో తాను బలాన్ని పొందదనీ, రెండో పలక క్షేత్రం σ/2ε₀ మాత్రమేననీ అర్థమైతే ఇక జారదు.

మాక్ టెస్టుల తర్వాత

షీటు వెనక వైపు ఖాళీగా ఉంచమన్నాను కదా, అది మాక్ టెస్టుల కోసం. టెస్టు రాసిన సాయంత్రమే తప్పుల్ని చూడండి, రెండు రోజులు ఆగితే ఆ క్షణంలో ఏమనుకున్నారో మరిచిపోతారు. ప్రతి తప్పునీ ఒక్క ప్రశ్న అడగండి: ఫార్ములా గుర్తు రాలేదా, వచ్చింది గానీ తప్పు సందర్భంలో వాడానా, లేక కూడికలో, తీసివేతలో పోయిందా?

మొదటి రెండు రకాలు ఆ చాప్టర్ షీటు వెనక ఎక్కాలి, ఒక్కో తప్పు ఒకే వాక్యంలో. "రెండు కెపాసిటర్లలో ఒకదాని + ని రెండోదాని − కి కలిపారు, శక్తి నష్టం ఫార్ములాలో నేను V₁ − V₂ వేశాను, V₁ + V₂ వేయాలి." ఇంతే. లెక్క మొత్తం ఎక్కించకండి. అదే తప్పు మళ్లీ జరిగితే పక్కన ఒక నిలువు గీత పెట్టండి.

కూడికల తప్పులు చాప్టర్ షీట్ల మీదకి రాకూడదు. అవి ఫార్ములా చదివితే పోయేవి కావు. వాటికి విడిగా ఒకే ఒక్క కాగితం పెట్టుకుని, కాలిక్యులేటర్ లేని పరీక్షలో చేతికి అందుబాటులో ఉండాల్సిన అంకెలు కూడా దాని మీదే రాసుకోండి. √2 = 1.414, √3 = 1.732, log 2 = 0.3010, log 3 = 0.4771. g ని 10 అని ఇచ్చిన చోట π² ని కూడా 10 అనుకుంటే లోలకం లెక్కలు ఒక్క వరసలో తేలిపోతాయి. ఫోటాన్ శక్తికి E = hc/λ లో h, c లని విడివిడిగా పెట్టి గుణించే బదులు hc = 1240 eV·nm అని గుర్తుంచుకోండి. తరంగదైర్ఘ్యం 620 nm అంటే 1240/620, శక్తి 2 eV. ఈ ఒక్క అంకె ఆ ప్రశ్నని అరనిమిషంలో ముగించేస్తుంది.

కెమిస్ట్రీ సంగతి కొంచెం వేరు. ఫిజికల్ కెమిస్ట్రీకి పైన చెప్పిన పద్ధతే సరిపోతుంది. నెర్న్‌స్ట్ సమీకరణంలో 0.059 అనే అంకె 298 K దగ్గరే చెల్లుతుందని హద్దు రాసుకోవడం లాంటివి. ఇనార్గానిక్, ఆర్గానిక్‌లలో ఫార్ములాలు ఉండవు, మినహాయింపులు ఉంటాయి. అక్కడ ఎడమ గడిలో ప్రశ్న రాయండి, మధ్యలో జవాబు, కుడి గడిలో కారణం. "క్రోమియం ఎలక్ట్రాన్ విన్యాసం?" 3d⁵4s¹, సగం నిండిన d కి స్థిరత్వం. "గాబ్రియేల్ పద్ధతిలో అనిలిన్ వస్తుందా?" రాదు, అరైల్ హాలైడ్ మీద ఆ ప్రతిక్షేపణ చర్య జరగదు. సాధారణ నియమం పుస్తకంలోనే ఉంటుంది, నియమం తప్పే చోట్లు మాత్రమే షీటు మీద ఉండాలి.

కుదించడం

పబ్లిక్ పరీక్షలకి చదువుతున్నప్పుడే ఈ షీట్లు మొదలుపెడితే, ఎంసెట్ ముందు మిగిలే వారాల్లో కొత్తగా రాయాల్సింది దాదాపు ఉండదు. అప్పటి పని తగ్గించడమే.

పరీక్షకి సుమారు 15 రోజుల ముందు ఒక పూట కూర్చుని, అన్ని షీట్లూ వరసగా తిప్పండి. మూడు కన్నా ఎక్కువ ఎర్ర చుక్కలు ఉన్న వరసలు, వెనక వైపు రెండోసారి కూడా జరిగిన తప్పులు, వీటిని మాత్రమే కొత్త కాగితాల మీదకి ఎక్కించండి. ఇవి చివరి షీట్లు. సబ్జెక్టుకి రెండు కాగితాలు మించకూడదని గట్టిగా అనుకోండి, మొత్తం ఆరు. పట్టకపోతే చుక్కల హద్దుని మూడు నుంచి నాలుగుకి పెంచండి గానీ అక్షరాలు చిన్నవి చేయకండి. చిన్న అక్షరాల్లో ఇరికించిన షీటుని చివరి రోజు కళ్లు చదవవు, దాటేస్తాయి.

చివరి షీట్ల మీద చాప్టర్ల వరస పాటించాల్సిన పనిలేదు. ఒకదానితో ఒకటి కలగలిసిపోయేవి పక్కపక్కన పెట్టండి. కెపాసిటర్లు సిరీస్‌లో ఉంటే విలోమాలు కలపాలి, రెసిస్టర్లయితే సమాంతరంగా ఉంటే విలోమాలు కలపాలి, ఈ రెండూ పక్కనే ఉండాలి. మీరు వేటిని తారుమారు చేస్తారో మీ చుక్కలే చూపిస్తాయి.

ఆ అమ్మాయికి అన్ని వారాల సమయం లేదు, నాలుగు రోజులే ఉన్నాయి. కాబట్టి ఆమె ఫైలు మొత్తాన్ని తిరగరాయించలేదు. ఒక రోజంతా మడత పరీక్ష పెట్టి, రాయలేని వరసలకి చుక్క పెట్టించి, వాటినే ఐదు కాగితాల మీదకి తెచ్చాం. మిగతా మూడు రోజులు ఆ ఐదు కాగితాలే చదివింది. ఆలస్యంగా మేల్కొన్నవాళ్లు చేయగలిగింది అంతే, కానీ అది తక్కువేం కాదు. కొత్తగా షీటు రాయడానికి కూర్చుంటే ఆ నాలుగు రోజులూ రాతకే పోయేవి.

చివరి మూడు రోజులు

మూడు రోజులుందనగా చాప్టర్ షీట్లన్నీ ఒకసారి చూడండి, గీత కొట్టినవి కూడా. రోజుకి ఒక సబ్జెక్టు చొప్పున సరిపోతుంది. సాయంత్రాలు చివరి షీట్లని మడతపెట్టి రాయండి. ఈ మూడు రోజుల్లో ఎవరో చెప్పిన షార్ట్‌కట్, వాట్సాప్‌లో వచ్చిన ట్రిక్ ఏదీ షీటు మీదకి రానివ్వకండి. వారం వారం పరీక్షించుకోని ఫార్ములా హాల్లో సగం గుర్తొచ్చి, పక్కన ఉన్న మంచి ఫార్ములాని కూడా చెడగొడుతుంది. నిజంగా ఉపయోగపడేదే అయినా ఇప్పుడు వద్దు.

ముందు రోజు రాత్రి ఆరు కాగితాల్లోంచి ఎక్కువ భయపెట్టే ఏడెనిమిది వరసలు ఒక చిన్న చీటీ మీద రాయండి. అన్నీ సరిగ్గా గుర్తొస్తున్నవి వద్దు, టెన్షన్‌లో తారుమారయ్యేవి మాత్రమే. పొద్దున బస్సులోనో బండి మీదో వెళ్లేటప్పుడు దాన్నే చూసుకుని, సెంటర్ గేటు దగ్గర మీ నాన్నగారి చేతికో అమ్మ చేతికో ఇచ్చేయండి, లోపలికి తీసుకెళ్లడానికి వీల్లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని టైమర్ మొదలయ్యాక, మొదటి ప్రశ్న చదవకముందే, ఇచ్చిన రఫ్ కాగితం మూలన ఆ ఏడెనిమిది వరసలు గుర్తు తెచ్చుకుని రాసేయండి. నిమిషంలోపు అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కడ డైఎలక్ట్రిక్ కనిపించినా, ఎక్కడ బోలు గోళం కనిపించినా, తల పట్టుకోకుండా ఆ మూలకి ఒకసారి చూస్తే చాలు.